ఖాళీ హాలు చెప్పే అబద్ధం

సభ సాయంత్రం ఐదింటికి. మైకు సెట్టాయన పొద్దున పదకొండింటికే వచ్చి, నల్లగొండలో మేం మాట్లాడుకున్న ఫంక్షన్ హాల్లో పెట్టెలు దింపాడు. వైర్లు కలిపి, వేదిక మధ్యలో నిలబడి "హలో... హలో... మైక్ టెస్టింగ్... వన్, టూ, త్రీ" అన్నాడు. హాలంతా గుమ్మని మోగింది. "చూసిన్రా సార్, గింత సౌండ్ వస్తుంది, ఇంకేం గావాలె?" అని టీ తాగడానికి పోయాడు. సాయంత్రం నాలుగు వందల మంది కూర్చున్నాక మొదటి వక్త రెండు వాక్యాలు చెప్పాడో లేదో, వెనక వరుసల్లో చేతులు లేచాయి. "వినబడ్తలేదు!" సౌండ్ పెంచితే మైకు కూత పెట్టింది. తగ్గిస్తే మళ్లీ చేతులు లేచాయి. గంటన్నర అదే వరస.

అందరూ మైకాయన్నే తిట్టారు. నిజానికి ఆయన్ని మోసం చేసింది ఆ హాలు. పొద్దున ఉన్న హాలు, సాయంత్రం ఉన్న హాలు ఒకటి కావు. గోడలు అవే, పెట్టెలు అవే, మధ్యలో మనుషులు వచ్చారు. ధ్వనికి సంబంధించినంత వరకు అది వేరే గది అయిపోయింది.

ఈ సంగతిని లెక్కగట్టి చూపించినవాడు వాలెస్ సబీన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాసాల గదిలో ఒక్క ముక్క అర్థం కావడం లేదని విద్యార్థులు గగ్గోలు పెట్టారు. ఏం చేయవచ్చో చూడమని ఆ కుర్ర భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల పరుపులు రాత్రిపూట మోయించుకొచ్చి, కొన్ని కొన్నిగా గదిలో పరిచి, ఆర్గన్ గొట్టం మోగించి ఆపాక శబ్దం ఎంతసేపటికి అణిగిపోతుందో గడియారంతో కొలిచాడు. పరుపులు లేనప్పుడు అయిదున్నర సెకన్లు పట్టింది. పరుపులు పెరిగినకొద్దీ ఆ సమయం తగ్గుతూ వచ్చింది. ఇలా ధ్వని ఆగిపోయాక కూడా గదిలో తిరుగుతూ ఉండే శబ్దాన్ని ప్రతినాదం అంటాం. అది 60 డెసిబెల్లు పడిపోవడానికి పట్టే వ్యవధి ప్రతినాద కాలం. దానికి సబీన్ ఇచ్చిన సూత్రం చాలా చిన్నది:

ప్రతినాద కాలం (సెకన్లు) = 0.161 × గది ఘనపరిమాణం ÷ శోషణ

శోషణను సబీన్ తెరిచిన కిటికీతో పోల్చాడు. తెరిచిన కిటికీలోంచి బయటికి వెళ్లిన శబ్దం తిరిగి రాదు. కాబట్టి ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ అంటే ఒక చదరపు మీటరు పూర్తి శోషణ. నున్నటి టైల్స్ తమ మీద పడిన శబ్దంలో నూటికి రెండు వంతులే మింగి, మిగతాదంతా తిప్పి కొడతాయి. ప్లాస్టరు గోడ, గాజు తలుపు కూడా అంతంతే.

మా హాలు 30 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు. జిల్లా కేంద్రాల్లో పెళ్లిళ్లకు కట్టే హాళ్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. కింద మెరిసే గ్రానైట్ లేదా టైల్స్, పైన పీవోపీ సీలింగు, పక్కన గాజు తలుపులు, ప్లాస్టిక్ కుర్చీలు. ఘనపరిమాణం 3,240 ఘనపు మీటర్లు. నేల, గోడలు, సీలింగు, వేదిక వెనక తెర, తెరిచి ఉన్న తలుపులు అన్నీ కలిపి శోషణ 100 చదరపు మీటర్లు అనుకుందాం. సూత్రంలో వేస్తే ప్రతినాద కాలం 5.2 సెకన్లు. అంటే విద్యార్థులు గగ్గోలు పెట్టిన ఆ ఫాగ్ గదికి మన ఖాళీ ఫంక్షన్ హాలు తోబుట్టువే.

ఇప్పుడు జనాన్ని కూర్చోబెట్టండి. బట్టలు కట్టుకుని కుర్చీలో కూర్చున్న మనిషి, మాటలు వినిపించే మధ్య పౌనఃపున్యాల దగ్గర, దాదాపు 0.45 చదరపు మీటర్ల తెరిచిన కిటికీకి సమానం. నాలుగు వందల మంది అంటే 180 చదరపు మీటర్లు. మొత్తం శోషణ 100 నుంచి 280కి పెరిగింది. ప్రతినాద కాలం 1.9 సెకన్లకు దిగింది. గదిలో తిరుగుతూ ఉండే శబ్దం స్థాయి కూడా నాలుగున్నర డెసిబెల్లు పడిపోయింది. పొద్దున "గింత సౌండ్" అనిపించినదాంట్లో చాలా భాగం పెట్టెలది కాదు, గోడలది. జనం రాగానే గోడలు ఇచ్చిన ఆ అప్పు తీరిపోయింది. పైగా నాలుగు వందల మంది గుసగుసలు, ఫ్యాన్ల హోరు, పసిపిల్లల ఏడుపు కొత్తగా వచ్చి చేరాయి. వినబడలేదంటే వింతేముంది?

మరి పొద్దున మోగిన గుమ్ము మంచిదేనా అంటే, అదీ కాదు. తెలుగుకు అది ప్రత్యేకంగా చేటు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అచ్చులకు బలం ఎక్కువ, నిడివి ఎక్కువ. హల్లులు బలహీనమైనవి, క్షణంలో వచ్చి పోతాయి. కానీ 'కట్ట', 'తట్ట', 'మట్ట' మధ్య తేడా తెలిపేది ఆ ఒక్క హల్లే. వక్త సెకనుకు ఐదు అక్షరాలు పలుకుతాడనుకుంటే ఒక్కో అక్షరానికి దక్కేది 0.2 సెకను. ఖాళీ హాల్లో ఆ వ్యవధిలో ముందటి అచ్చు తగ్గేది రెండు డెసిబెల్ల పైచిలుకు మాత్రమే. అంటే వెనక వచ్చే హల్లు ఇంకా మోగుతున్న అచ్చు కింద పడి నలిగిపోతుంది. నిండిన హాల్లో అదే వ్యవధికి ఆరు డెసిబెల్ల పైనే తగ్గుతుంది, హల్లుకు కాస్త సందు దొరుకుతుంది. వెనక వరుసలో కూర్చున్నవాళ్లు "సౌండ్ వస్తుంది గని మాట అర్థమైతలేదు" అంటే దానర్థం ఇదే. వాళ్లకు కావలసింది సౌండ్ పెంచడం కాదు, మాట నేరుగా చెవిని చేరడం.

నేరుగా చేరే శబ్దం పెట్టె నుంచి దూరం వెళ్లినకొద్దీ తగ్గిపోతుంది, దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్లు. గోడల మీద నుంచి వచ్చే ప్రతినాదం మాత్రం హాలంతా దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. రెండూ సమానమయ్యే దూరం ఒకటుంది. మా హాల్లో ఒక మాదిరి పెట్టెకు అది ఖాళీగా ఉంటే నాలుగు మీటర్లు, నిండితే ఆరున్నర మీటర్ల చిల్లర. దానికి మూడు రెట్ల దూరం దాకా మాట ఎలాగో పట్టుబడుతుందని మా బోటివాళ్ల మోటు లెక్క. నిండిన హాల్లో అది ఇరవై మీటర్లు. చివరి వరుస వేదిక నుంచి 28 మీటర్ల దూరంలో ఉంది. వేదిక దగ్గర ఎంత పెద్ద పెట్టెలు పెట్టినా ఆ చివరి ఎనిమిది మీటర్లలో కూర్చున్నవాళ్లకు గోడలే వినిపిస్తాయి. పెట్టెను పెద్దది చేస్తే నేరు శబ్దం, ప్రతినాదం రెండూ కలిసే పెరుగుతాయి, వాటి నిష్పత్తి మారదు. డీజే పెట్టెల వరస దింపి "ఇగ సూడు" అనేవాళ్లకు ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం సభలు బాగుపడతాయి.

కాబట్టి తర్వాతి సభకు పెట్టెలు పెద్దవి తీసుకోలేదు, చోటు మార్చాం. అది పాలమూరులో, కొలతల్లో ఇంచుమించు ఇలాంటి హాలే. ముందు జతను వేదిక అంచుకు రెండు మీటర్లు ముందుకు, చెరో పక్కన, స్టాండు మీద రెండున్నర మీటర్ల ఎత్తున నిలిపాం. మైకుల కంటే పెట్టెలు ముందుండాలి. వెనకుంటే పెట్టెలోంచి వచ్చింది మళ్లీ మైకులోకే పోతుంది, కూత మొదలవుతుంది. ఎత్తు ఎందుకంటే, నేల మీద పెట్టిన పెట్టె మాటలు మొదటి వరుస వాళ్ల బట్టలే మింగేస్తాయి. ముందువాళ్ల చెవులు చిల్లులు పడతాయి, వెనకవాళ్లకు ఏమీ చేరదు. ఎత్తున పెట్టి, మూతి కాస్త కిందికి వంచి, మధ్య వరుసల తలల మీదికి గురిపెట్టాలి. ఎదురుగా ఉన్న వెనక గోడకు గురిపెడితే ఆ గోడ దాన్ని వేదిక మీదికే విసిరి కొడుతుంది.

రెండో జత చిన్న పెట్టెలను హాలు మధ్యలో, ముందు జతకు 15 మీటర్ల దూరంలో, పక్క గోడల దగ్గర నిలిపాం. ఇక్కడే అసలు మెలిక. వైరులో సంకేతం తక్షణం చేరుతుంది, గాలిలో శబ్దం నడిచి రావాలి. మన ఎండల్లో, 35 డిగ్రీల దగ్గర శబ్దం సెకనుకు 352 మీటర్లు పోతుంది. 15 మీటర్లకు 43 మిల్లీసెకన్లు. అంటే వెనక కూర్చున్నవాళ్లకు పక్కనున్న పెట్టె ముందు మాట్లాడుతుంది, వేదిక తర్వాత మాట్లాడుతుంది. ఒకే మాట రెండుసార్లు. అందుకని రెండో జతకు వెళ్లే సంకేతాన్ని మిక్సర్లో ఆలస్యం చేయాలి. 43కు మరో 12 కలిపి 55 మిల్లీసెకన్లు పెట్టాం. ఆ అదనం ఎందుకంటే, మొదట ఏ దిక్కు నుంచి చెవిని చేరితే శబ్దం ఆ దిక్కు నుంచే వస్తోందని మన మెదడు అనుకుంటుంది. ఆ తర్వాత 30 మిల్లీసెకన్ల లోపు వచ్చిన అదే శబ్దాన్ని విడిగా లెక్కపెట్టదు, దానికి బలంగా కలిపేసుకుంటుంది. జర్మనీలో హెల్ముట్ హాస్ 1949లో దీన్ని తేల్చాడు. 55 పెట్టాక వెనక వరుసలో కూర్చుంటే పక్కన పెట్టె మోగుతున్నట్టే తెలియదు, వక్త నోటి నుంచే మాట వస్తున్నట్టు ఉంటుంది. చలికాలం రాత్రి 20 డిగ్రీలకు దిగినా వచ్చే తేడా ఒక్క మిల్లీసెకనే కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు.

ఇక మైకుల సంఖ్య. ఇక్కడ శాస్త్రం కంటే మర్యాద ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వేదిక మీద ఎనిమిది మంది పెద్దలు, ఒక్కొక్కరి ముందు ఒక్కో మైకు ఉండాలని నిర్వాహకుల పట్టు. లేకపోతే ఎవరో ఒకరికి కోపం. కానీ తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూత పెట్టకుండా పెంచగలిగే సౌండు మూడు డెసిబెల్లు తగ్గుతుంది. ఒకటి రెండైతే మూడు, నాలుగైతే ఆరు, ఎనిమిదైతే తొమ్మిది. తొమ్మిది డెసిబెల్లంటే ఎంతో ఇలా చూడండి: వక్త మైకుకు జానెడు దూరం కంటే తక్కువలో, 15 సెంటీమీటర్ల దగ్గర నిలబడి మాట్లాడేవాడు, 42 సెంటీమీటర్ల దూరానికి జరిగినంత నష్టం. మాట్లాడని ఏడు మైకులు మాట్లాడే ఒక్కడిని వెనక్కి నెట్టేస్తున్నాయన్నమాట.

మా ఏర్పాటు ఇది. పోడియం మీద రెండు మైకులు, తెరిచి ఉండేది ఒకటే, రెండోది అది మొరాయిస్తే వాడుకోవడానికి. రెండూ ఒకేసారి తెరిస్తే వక్త తల తిప్పినప్పుడల్లా గొంతు బోలుగా, గొట్టంలోంచి వస్తున్నట్టు మారిపోతుంది. వ్యాఖ్యాతకు చేతి మైకు ఒకటి. వేదిక పెద్దలందరికీ కలిపి చేతి మైకు ఒకటి, మాట్లాడేవాళ్లకు అందించి తీసుకోవడానికి ఒక కుర్రాడు. పెద్దల ముందు ఉత్తి మైకులు పెట్టి వైరు కలపకుండా వదిలేసే చమత్కారం కూడా నేను చూశాను. శాస్త్రరీత్యా అందులో తప్పేమీ లేదు.

పాటల సంగతి వేరు. ఆ రోజు సభ తర్వాత కిన్నెర, డప్పు, పాట ఉన్నాయి. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య వల్ల పన్నెండు మెట్ల కిన్నెర అంటే ఇప్పుడు అందరికీ తెలుసు. వెదురు బొంగుకు సొరకాయ బుర్రలు కట్టిన వాద్యం అది. వాకిట్లో పది మంది చుట్టూ కూర్చుంటే వినడానికి చేసింది. డప్పు ఊరంతటికీ వినబడటానికి చేసింది. రెండూ ఆకాశం కింద పుట్టినవే, వాటికి గోడలు కొత్త. పాలమూరు పిల్లలమర్రి నీడన రెండూ వాయిస్తే దేని చోటు దానిది. 18 మీటర్ల వెడల్పు హాల్లో ఒకే వేదిక మీద కూర్చోబెడితే డప్పు కిన్నెరను మింగేస్తుంది.

కాబట్టి డప్పులకు అసలు మైకే పెట్టలేదు. ఆ సైజు హాలుకు మూడు డప్పులు మైకు లేకుండానే ఎక్కువ. కళాకారులు నొచ్చుకోకుండా ముందే ఈ మాట చెప్పాలి. కిన్నెరకు ఒకటి, బుర్రకు ఒక జానెడు దూరంలో. పాడే ఇద్దరికీ చెరొకటి, వంత పాడేవాళ్లకు కలిపి ఒకటి. మొత్తం నాలుగు. సభకు పెట్టినవన్నీ అప్పుడు మూసేయాలి. పాటకు, మాటకు కలిపి చూస్తే మైకులు ఎనిమిది, కానీ ఏ క్షణంలోనూ తెరిచి ఉన్నవి నాలుగు దాటవు. పన్నెండు చానెళ్ల మిక్సర్ హాయిగా సరిపోయింది.

డప్పులు ఎక్కడ నిలబడాలన్నదే మేం ఎక్కువసేపు కొట్లాడుకున్న విషయం. అలవాటు ప్రకారం డప్పులవాళ్లు గాయకుడి వెనక నిలబడతారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ మామూలు గొంతు మైకు తన మూతికి ఎదురుగా ఉన్నది బాగా వింటుంది, తోక వైపు ఉన్నది దాదాపు వినదు. గాయకుడు జనం వైపు తిరిగి ఉంటే మైకు మూతి గాయకుడి వైపు, అంటే వేదిక వెనక్కి చూస్తుంది. వెనకున్న డప్పు సరిగ్గా దాని మూతికి ఎదురుగా పడుతుంది. గాయకుడి మైకే డప్పు మైకు అయిపోతుంది. డప్పులను పక్కలకు జరిపితే మైకు వాటిని ఆరు డెసిబెల్లు తక్కువ వింటుంది. అలాగే జరిపాం. గాయకుడికి తన గొంతు వినిపించే చిన్న పెట్టె మాత్రం మైకు తోక వైపు, అతని కాళ్ల ముందు ఉండాలి. కొన్ని మైకులకు చెవుడు సరిగ్గా తోక దగ్గర కాకుండా దానికి కాస్త పక్కగా ఉంటుంది. ఆ రకం అయితే పెట్టెను కూడా పక్కకు జరపాలి.

ఒక చిన్న సంగతి. మైకు తలను గుప్పిట్లో బిగించి పాడే అలవాటు సినిమా పాటల పోటీల నుంచి వచ్చినట్టుంది. ఆ జాలీ వెనక ఉండే రంధ్రాలే మైకుకు తోక వైపు చెవుడు తెచ్చేవి. గుప్పిటతో వాటిని మూస్తే మైకు అన్ని దిక్కులా వింటుంది, వెంటనే కూత పెడుతుంది. వాయిద్యాలూ పెట్టెలూ అన్నీ సరిగ్గా ఉండి, ఒక్క గాయకుడి దగ్గరే కూత వస్తుంటే ముందు అతని వేళ్లు చూడండి.

ఇప్పుడు టెస్టింగ్. రెండింటికి మొదలుపెట్టాం. మిక్సరుకు యూపీఎస్ తప్పనిసరి, కరెంటు పోయి జనరేటర్ ఎక్కేలోపు డిజిటల్ మిక్సరు ఆరిపోతే మళ్లీ లేచేదాకా సభ మూగబోతుంది. ముందు ఒక్కో మైకు, ఒక్కో వైరు విడివిడిగా. తర్వాత పోడియం మైకు ఒక్కటే తెరిచి, 100 హెర్ట్జ్ కింద ఉన్న బరువు శబ్దాన్ని కోసేసి, గెయిన్ మెల్లగా పెంచాం. ఒక దగ్గర సన్నగా మోత మొదలవుతుంది. ఆ పౌనఃపున్యాన్ని ఈక్వలైజర్లో మూడు నాలుగు డెసిబెల్లు దించి మళ్లీ పెంచాలి. ఇలా మూడు నాలుగు చోట్ల చాలు. అంతకు మించి కోస్తే గొంతు ముక్కుతో మాట్లాడినట్టు అవుతుంది. చివరికి మోత మొదలయ్యే చోటు నుంచి ఆరు డెసిబెల్లు కిందికి దించి అక్కడ గీత గీసుకోవాలి.

ఆ తర్వాత "హలో హలో" కాదు. హలోలో బలమంతా అచ్చులదే, అవి ఏ హాల్లోనైనా వినిపిస్తాయి. ఒకరు పోడియం దగ్గర నిలబడి మామూలు గొంతుతో, పొంతన లేని పాతిక మాటలు చదవాలి. కట్ట, పాలు, తాడు, గాలి, చేను, ఇలా. ఇంకొకరు చివరి వరుసలో కూర్చుని విన్నది కాగితం మీద రాయాలి. మొదట వెనక జత పెట్టెలు ఆపి చూశాం. 'తాడు' అంటే 'కాడు' అని, 'గాలి' అంటే 'దాలి' అని రాశారు. వెనక జత తెరిచి, 55 మిల్లీసెకన్లు పెట్టాక హల్లులు తిరిగొచ్చాయి. ఖాళీ హాల్లోనే ఇది జరిగిందంటే నిండిన హాల్లో ఇంకా నయమే. ఈ పరీక్షకు పరికరం అక్కర్లేదు, అర కాగితం చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైన టెస్టింగ్ సభ మొదలయ్యాక జరుగుతుంది. జనం కూర్చోగానే గోడల అప్పు పోతుందని ముందే తెలుసు కాబట్టి, మొదటి వక్త లేవగానే ఫేడర్‌ను నాలుగు డెసిబెల్లు ఎత్తాలి. కూతకు భయం లేదు, ఎందుకంటే ప్రతినాదం తగ్గినప్పుడు అందులోంచి మైకులోకి తిరిగి పోయేది కూడా అంతే తగ్గింది. మనుషుల బట్టలు సన్నని శబ్దాలను మింగినంతగా బరువు శబ్దాలను మింగవు, కనుక బేస్ కొంచెం దించాలి. ఈ పని కోసం మైకాయన మిక్సరు దగ్గర ఉంటే సరిపోదు. ఆ మిక్సరు వేదిక పక్కన తెర చాటున ఉండకూడదు. జనం మధ్యలో, హాలు మూడింట రెండు వంతుల దూరంలో ఉండాలి. పెళ్లి హాళ్లలో దాన్ని వేదిక మూలన కుక్కుతారు, అక్కడ కూర్చున్నవాడికి పెట్టెల వీపు తప్ప ఏమీ వినిపించదు. మేం ఇరవై మీటర్ల మల్టీకోర్ కేబుల్ అద్దెకు తెచ్చుకున్నాం.

పాలమూరు సభలో పోడియం నుంచి అడుగున్నర దూరం జరిగి మాట్లాడిన ఒక వక్త దగ్గర మాత్రం మేం ఓడిపోయాం. పదిహేను సెంటీమీటర్ల నుంచి అరవైకి పోతే పన్నెండు డెసిబెల్లు పోతాయి, గీత దాటకుండా వాటిని ఏ మిక్సరూ తిరిగి ఇవ్వలేదు. వ్యాఖ్యాత లేచి చేతి మైకు అందించాడు. ఆ చేతి మైకు ఉన్నది అందుకే.

హాలు యజమానులకు ఒక మాట. పీవోపీ పూల మీద పెట్టిన ఖర్చులో కొంత వెనక గోడకు పెట్టండి. 18 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తున, గోడకు జానెడు దూరంలో, మడతలు బాగా వచ్చేలా మందపాటి గుడ్డ తెర వేలాడదీస్తే 45 చదరపు మీటర్ల శోషణ వస్తుంది. అంటే వంద మంది ఎప్పుడూ వచ్చి కూర్చుని ఉన్నట్టే. ఖాళీ హాలు ప్రతినాద కాలం 5.2 నుంచి 3.6 సెకన్లకు దిగుతుంది.